ఎనిమిదికి కుదురుతుంది, ఆరుకి కుదరదు

మొత్తం ఎనిమిదే సంఖ్యలున్న ఒక లోకాన్ని తయారుచేయాలి. అందులో ఏ రెండు సంఖ్యలను కూడినా, తీసివేసినా, గుణించినా జవాబు ఆ ఎనిమిదింటిలోనే ఉండాలి. సున్నాను మినహాయిస్తే దేనితోనైనా భాగించగలగాలి, ఆ భాగహారంలో శేషం మిగలకూడదు. బడిలో నేర్చుకున్న మామూలు నియమాలేవీ తప్పకూడదు. సంఖ్యలను అటూ ఇటూ మార్చి కూడినా గుణించినా ఫలితం మారకూడదు. కుండలీకరణాలు విప్పితే లెక్క సరిపోవాలి. సున్నా కలిపితే ఏ సంఖ్యా మారకూడదు, ఒకటితో గుణించినా మారకూడదు.

ఇలాంటి వ్యవస్థను గణితంలో క్షేత్రం అంటారు. అందులోని సంఖ్యలు లెక్కపెట్టగలిగినన్నే ఉంటే అది పరిమిత క్షేత్రం. ఫ్రాన్స్‌కు చెందిన ఎవరిస్త్ గాల్వా 1830లో, పద్దెనిమిదేళ్ల వయసులో, వీటి మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. అందుకే వీటికి గాల్వా క్షేత్రాలనే పేరు కూడా ఉంది. రెండేళ్ల తర్వాత అతను ద్వంద్వ యుద్ధంలో గాయపడి చనిపోయాడు.

2, 3, 4, 5, 7, 8, 9 సంఖ్యలతో ఇలాంటి లోకాలున్నాయి. 6తో లేదు, 10తో లేదు, 12తో లేదు. అంటే ఒక ప్రధాన సంఖ్యను దానితోనే కొన్నిసార్లు గుణిస్తే వచ్చే పరిమాణాలకే ఇది సాధ్యం. 8 అంటే 2×2×2, 9 అంటే 3×3. 6 అంటే 2×3, అందులో రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కలిశాయి. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి తేలికైన దారి, ఎనిమిది సంఖ్యల లోకాన్ని మన చేతులతో మనమే కట్టి చూడటం. కడుతున్నకొద్దీ మనం ఎంచుకోవడానికి దాదాపు ఏమీ మిగలదని తెలుస్తుంది. శేషం లేని భాగహారం కావాలన్న ఒక్క కోరికే మిగతా అన్నిటినీ నిర్ణయించేస్తుంది.

గడియారం ఎక్కడ ఆగిపోతుంది

మొదట ఎవరికైనా తట్టేది గడియారం పద్ధతి. ఏడు గంటల గడియారం ఒకటి ఊహించుకోండి. దాని మీద 0 నుంచి 6 వరకు అంకెలుంటాయి, 6 తర్వాత మళ్లీ 0 వస్తుంది. ఏ లెక్క చేసినా జవాబును 7తో భాగించి, మిగిలిన శేషాన్ని రాసుకుంటాం. 3×5 అంటే 15, ఏడుతో భాగిస్తే శేషం 1. కాబట్టి ఈ గడియారంలో 1ని 3తో భాగిస్తే 5 వస్తుంది. అలాగే 2కి జోడీ 4, ఎందుకంటే 2×4 అంటే 8, శేషం 1. 6కి జోడీ 6 తానే. సున్నా కాని ప్రతి సంఖ్యకూ, దానితో గుణిస్తే 1 వచ్చే జోడీ దొరికింది. ఈ జోడీనే విలోమం అంటారు. విలోమం ఉంటే భాగహారం ఉన్నట్టే. కాబట్టి ఏడు సంఖ్యలతో క్షేత్రం తయారైపోయింది.

ఇదే పని ఎనిమిది గంటల గడియారంతో చేస్తే 2×4 దగ్గరే చిక్కు వస్తుంది. జవాబు 8, అంటే సున్నా. రెండు సున్నా కాని సంఖ్యల లబ్ధం సున్నా అయితే భాగహారం అక్కడితో ముగిసినట్టే. 2×4 = 0 అన్న సమీకరణాన్ని రెండు వైపులా 2తో భాగించగలిగితే 4 = 0 అని తేలాలి, అది అబద్ధం. కాబట్టి ఆ గడియారంలో 2తో భాగించడం కుదరదు. ఈ చిన్న తర్కాన్ని గుర్తుపెట్టుకోవాలి. క్షేత్రంలో సున్నా కాని రెండింటి లబ్ధం ఎప్పుడూ సున్నా కాకూడదు. ఇక్కడినుంచి ప్రతి మలుపులోనూ ఇదే మనకు ఆయుధం.

గడియారం మీది గంటల సంఖ్య ప్రధాన సంఖ్య అయితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. 8 ప్రధానం కాదు. గడియారంతో 8 సాధ్యం కాలేదంటే ఎనిమిది సంఖ్యల క్షేత్రమే లేదని అర్థం కాదు. దానిలోని కూడిక గడియారం కూడిక కాదని మాత్రమే అర్థం.

ఒకట్లను కూడుతూ పోతే

అయితే ఆ కూడిక ఎలా ఉండాలి? ఎదుట ఏదో ఒక పరిమిత క్షేత్రం ఉందనుకుందాం. దానిలో ఎన్ని సంఖ్యలున్నాయో, అవి ఏమిటో మనకు తెలియదు. ఒకటి మాత్రం తప్పకుండా ఉంటుంది. 1, 1+1, 1+1+1 అంటూ కూడుతూ పోదాం. సంఖ్యలు పరిమితం కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన జవాబే మళ్లీ రావాలి. ఐదు ఒకట్ల మొత్తం, పన్నెండు ఒకట్ల మొత్తం సమానమైతే, ఒకదాన్నుంచి ఒకటి తీసివేస్తే ఏడు ఒకట్ల మొత్తం సున్నా. అంటే ఏదో ఒక దశలో ఒకట్ల మొత్తం సున్నాను చేరాల్సిందే. మొట్టమొదటిసారి సున్నా వచ్చేది p ఒకట్ల దగ్గర అనుకుందాం.

ఈ p ప్రధాన సంఖ్యే అయి తీరాలి. ఉదాహరణకు p ఆరు అయిందనుకోండి. (1+1)×(1+1+1) విప్పితే ఆరు ఒకట్లు వస్తాయి, వాటి మొత్తం సున్నా. కానీ సున్నా మొదటిసారి ఆరు దగ్గర వచ్చిందన్నాం కాబట్టి రెండు ఒకట్ల మొత్తం సున్నా కాదు, మూడు ఒకట్ల మొత్తమూ కాదు. సున్నా కాని రెండింటి లబ్ధం సున్నా అయింది. క్షేత్రంలో అది నిషిద్ధం. p ఎనిమిదైనా, తొమ్మిదైనా, పదిహేనైనా కారణాంకాలుగా విడిపోయే ఏ సంఖ్య అయినా ఇదే గతి. కాబట్టి ప్రతి పరిమిత క్షేత్రం లోపలా ఒక ప్రధాన సంఖ్య గడియారం దాగి ఉంటుంది.

ఇప్పుడు ఆ గడియారం చుట్టూ మిగతా సంఖ్యలు ఎలా పేరుకుంటాయో చూద్దాం. p రెండు అనుకుందాం, అంటే 1+1 = 0. మన దగ్గర ప్రస్తుతం 0, 1 ఉన్నాయి. వీటికి బయట a అనే సంఖ్య ఒకటి ఉంటే a+1 కూడా ఉండాలి. అది కూడా కొత్తదే, ఎందుకంటే a+1 పాత సంఖ్యల్లో ఒకటైతే, దాన్నుంచి 1 తీసివేసినప్పుడు a కూడా పాతదై ఉండాలి. ఇప్పుడు 0, 1, a, a+1 అని నాలుగయ్యాయి. వీటికీ బయట b ఉంటే b, b+1, b+a, b+a+1 అని నాలుగూ ఒకేసారి వస్తాయి. వీటిలో ఏదైనా పాతదే అయితే b కూడా పాతదే అయ్యేది. కాబట్టి మొత్తం ఎనిమిది. కొత్త సంఖ్య ఒకటి లోపలికి అడుగుపెట్టిన ప్రతిసారీ లెక్క రెట్టింపవుతుంది. 2, 4, 8, 16 తప్ప మధ్యలో ఎక్కడా ఆగే వీలు లేదు.

p మూడైతే ఒక కొత్త b వచ్చినప్పుడు b తోపాటు 2b కూడా వస్తుంది. పాత సంఖ్యల్లో ప్రతిదానికీ ఏమీ కలపకుండా ఒకటి, b కలిపి ఒకటి, 2b కలిపి ఒకటి. కాబట్టి లెక్క మూడింతలు. ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. కొత్త b పాత సంఖ్య కాకపోయినా, 2b పాత సంఖ్యతో సమానమై లెక్క తగ్గిపోవచ్చు కదా? అలా కుదరదు. మూడు గంటల గడియారంలో 2కి విలోమం 2 తానే. 2b పాత సంఖ్య అయితే దాన్ని 2తో గుణించాలి, అంటే దాన్ని దానితోనే ఒకసారి కూడాలి. అప్పుడు 4b, అంటే b వస్తుంది. పాత సంఖ్యలను కూడితే పాత సంఖ్యే రావాలి కాబట్టి b కూడా పాతదై ఉండాలి. p ఏ ప్రధాన సంఖ్య అయినా ఇదే తర్కం నిలుస్తుంది, కొత్త సంఖ్య ఒక్కోటి లెక్కను సరిగ్గా p రెట్లు చేస్తుంది.

దీంతో ప్రశ్నలో సగం తేలిపోయింది. పరిమిత క్షేత్రం పరిమాణం p, p×p, p×p×p, ఇలాగే ఉండాలి. ఆరు ఈ వరసల్లో ఎందులోనూ లేదు. రెండుతో మొదలైతే 4 నుంచి 8కి దూకుతాం, మూడుతో మొదలైతే 3 నుంచి 9కి, ఐదుతో మొదలైతే 5 నుంచి 25కి. ఆరు సంఖ్యల క్షేత్రం కోసం ఎంత తెలివైన గుణకారం పట్టిక తయారుచేసినా ఫలితం ఉండదు. కూడికే దాన్ని అడ్డుకుంటుంది.

ఎనిమిదిలో కూడిక

ఎనిమిది వరసలోకి వచ్చే ప్రధాన సంఖ్య 2 ఒక్కటే. కాబట్టి మన లోకంలో 1+1 = 0 అయి తీరాలి. ఏ సంఖ్యనైనా దానితోనే కూడితే సున్నా. కూడికకూ తీసివేతకూ తేడా లేదు. ఇది మనం ఎంచుకున్నది కాదు, ఎనిమిది అనే పరిమాణమే పెట్టిన షరతు.

ఇక గుణకారం. 0, 1 కాక ఏదో ఒక సంఖ్యను తీసుకుని దానికి t అని పేరు పెడదాం. t×t ఎక్కడ పడుతుంది? 0, 1, t, t+1 అనే నాలుగింటిలోనే పడుతుందేమో చూద్దాం. t² = 0 కాలేదు, సున్నా కాని లబ్ధం సున్నా కాకూడదు. t² = 1 అయితే (t+1)×(t+1) విప్పినప్పుడు t² + t + t + 1 వస్తుంది. t+t సున్నా కాబట్టి t²+1 మిగులుతుంది, అదీ సున్నా. మళ్లీ నిషిద్ధమే. t² = t అయితే t×(t+1) = 0, అదీ కుదరదు.

మిగిలింది t² = t+1. ఇందులో పైకి తప్పేమీ కనిపించదు. నిజానికి ఆ నియమంతో 0, 1, t, t+1 చక్కటి నాలుగు సంఖ్యల క్షేత్రమవుతాయి. చిక్కు వేరేచోట ఉంది. లోపల నాలుగు సంఖ్యల క్షేత్రం ఉంటే, బయటినుంచి వచ్చే ప్రతి కొత్త సంఖ్యా లెక్కను రెండింతలు కాదు, నాలుగింతలు చేస్తుంది. ఇందాకటి తర్కమే, గడియారం బదులు ఈ నాలుగింటిని పెట్టి చూడండి. అప్పుడు 4 నుంచి నేరుగా 16కి దూకుతాం, ఎనిమిది దగ్గర ఆగలేం. కాబట్టి t² పూర్తిగా కొత్త సంఖ్య కావాల్సిందే.

అలాగైతే 1, t, t² అనే మూడింటితో ఎనిమిదీ వచ్చేస్తాయి. ప్రతి సంఖ్యలోనూ t² ఉందా లేదా, t ఉందా లేదా, 1 ఉందా లేదా అన్న మూడు ప్రశ్నలే. రాసుకోవడానికి వీలుగా t² ఉంటే 4, t ఉంటే 2, 1 ఉంటే 1 చొప్పున లెక్కవేసి 0 నుంచి 7 వరకు పేర్లు పెడదాం. t²+1కి పేరు 5, t+1కి పేరు 3, t²+t+1కి పేరు 7. ఇవి పేర్లే, మామూలు ఐదు, మూడు, ఏడు కావు. 5+3 చేయాలంటే (t²+1) + (t+1). ఒకట్లు రెండూ కొట్టుకుపోయి t²+t మిగులుతుంది, దాని పేరు 6. కాబట్టి ఈ లోకంలో 5+3 = 6. కంప్యూటర్ తెలిసినవాళ్లు దీన్ని బిట్ల ఎక్సార్ అని వెంటనే గుర్తుపడతారు.

ఒక్క నియమం మిగిలింది

ఇప్పుడు t³ ఏమిటో తెలిస్తే గుణకారం మొత్తం తెలిసినట్టే. t³కి ఎనిమిది అవకాశాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా వడపోద్దాం.

జవాబులో 1 లేకపోతే పనికిరాదు. ఉదాహరణకు t³ = t²+t అనుకుంటే, అన్నిటినీ ఒకవైపు చేర్చి t బయటికి తీస్తే t×(t²+t+1) = 0 అవుతుంది. అంటే 2×7 = 0. ఇలా 1 లేని నాలుగు అవకాశాలూ పోతాయి.

మిగిలిన నాలుగింటిలో t³ = 1 చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ పనిచేయదు. (t+1)×(t²+t+1) విప్పండి. t³ + t² + t + t² + t + 1 వస్తుంది. జంటలు కొట్టుకుపోయి t³+1 మిగులుతుంది. t³ = 1 అయితే ఇది సున్నా, అంటే 3×7 = 0. t³ = t²+t+1 అనే నియమమూ ఇలాగే పోతుంది. (t+1)ని మూడుసార్లు గుణిస్తే t³+t²+t+1 వస్తుంది, ఆ నియమం ప్రకారం అదీ సున్నాయే.

ఇక మిగిలినవి రెండే, t³ = t+1, t³ = t²+1. మొదటిదాన్ని తీసుకుని t ఘాతాలను వరసగా రాద్దాం. ఒక్కో మెట్టులో t తో గుణించి, t³ వచ్చినచోట t+1 పెడితే చాలు.

```
t^0 = 1            1
t^1 = t            2
t^2 = t^2          4
t^3 = t + 1        3
t^4 = t^2 + t      6
t^5 = t^2 + t + 1  7
t^6 = t^2 + 1      5
t^7 = 1            1
```

సున్నా తప్ప మిగతా ఏడూ ఒక్కోసారి వచ్చి, ఏడో ఘాతం దగ్గర చక్రం మళ్లీ 1ని చేరింది. ఈ ఒక్క జాబితాతో మన పరీక్షలన్నీ పూర్తయినట్టే. సున్నా కాని ప్రతి సంఖ్యా t కి ఏదో ఒక ఘాతం. రెండు ఘాతాల లబ్ధం మరో ఘాతం, అది ఎప్పటికీ సున్నా కాదు. విలోమం కోసం వెతకనక్కర్లేదు, రెండు ఘాతాలు కలిసి 7 కావాలి, అంతే. 2 అంటే t¹, 5 అంటే t⁶, కాబట్టి 2×5 = 1. అలాగే 4×7 = 1, 3×6 = 1. కుండలీకరణాలు విప్పే నియమం, వరస మార్చే నియమం తప్పుతాయేమో అన్న భయం అక్కర్లేదు. ఇక్కడ చేస్తున్నది మామూలు బహుపదుల గుణకారమే, చివర t³ స్థానంలో t+1 పెడుతున్నామంతే. ఆ నియమాలు బహుపదుల నుంచి వారసత్వంగా వచ్చేస్తాయి.

5×6 ఎంతో చూద్దాం. t⁶×t⁴ అంటే t¹⁰. ఏడుకోసారి చక్రం తిరుగుతుంది కాబట్టి t³, అంటే 3. మరి 5ని 6తో భాగిస్తే? 6కి విలోమం 3. 5×3 అంటే t⁶×t³ = t⁹ = t², అంటే 4. సరిచూసుకోవడానికి 6×4 చేస్తే t⁴×t² = t⁶, అంటే 5. శేషం లేదు. ఇలా వేసుకున్న గుణకారం పట్టిక మొత్తం ఇది.

```
×  1 2 3 4 5 6 7
1  1 2 3 4 5 6 7
2  2 4 6 3 1 7 5
3  3 6 5 7 4 1 2
4  4 3 7 6 2 5 1
5  5 1 4 2 7 3 6
6  6 7 1 5 3 2 4
7  7 5 2 1 6 4 3
```

పట్టిక సరిగ్గా వేశామో లేదో తెలుసుకునే గుర్తు ఒకటుంది. ప్రతి అడ్డువరసలోనూ, ప్రతి నిలువు వరసలోనూ ఏడు అంకెలూ ఒక్కోసారే రావాలి. ఏదైనా రెండుసార్లు వచ్చిందంటే, లేదా సున్నా కనిపించిందంటే, ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

మరి పక్కనపెట్టిన రెండో నియమం, t³ = t²+1 సంగతేమిటి? అది వేరే క్షేత్రాన్ని ఇస్తుందా? మన పట్టికలోనే 3ని తీసుకుని చూడండి. 3×3 = 5. దాన్ని మళ్లీ 3తో గుణిస్తే 5×3 = 4. అటు 5+1 కూడా 4. అంటే 3 ఘనం, 3 వర్గానికి 1 కలిపినదానితో సమానం. రెండో నియమం చెప్పేది సరిగ్గా ఇదే. మొదట t అని పేరు పెట్టింది 3కి అయి ఉంటే మనకు రెండో నియమమే దొరికేది. ఉన్న ఆరు సంఖ్యల్లో 2, 4, 6 మొదటి నియమాన్ని పాటిస్తాయి, 3, 5, 7 రెండోదాన్ని పాటిస్తాయి. కాబట్టి నియమాలు రెండైనా క్షేత్రం ఒక్కటే, పేర్లే మారతాయి. ఎనిమిదికే కాదు, ఏ పరిమాణానికైనా క్షేత్రం ఉంటే ఒక్కటే ఉంటుందని అమెరికా గణితవేత్త ఇ. హెచ్. మూర్ 1893లో షికాగోలో జరిగిన గణిత మహాసభలో నిరూపించాడు.

పెద్ద పరిమాణాల్లో మోసపోయే చోటు

ప్రతి ప్రధాన ఘాతానికీ క్షేత్రం ఉంటుంది, అది ప్రశ్నలో రెండో సగం. పద్ధతి మనం చేసిందే. p గంటల గడియారం తీసుకుని, కావలసిన ఘాతం ఉన్న, కారణాంకాలుగా విడిపోని బహుపది ఒకటి ఎంచుకుని, దాన్ని సున్నా చేసే సంఖ్య ఒకటి ఉన్నట్టు భావించడం. గాల్వా తన వ్యాసంలో ఏడు గంటల గడియారానికి ఘనం 2 అయ్యే సంఖ్యను చేర్చి, 7×7×7, అంటే 343 సంఖ్యల క్షేత్రాన్ని ఉదాహరణగా చూపించాడు. ఇలా విడిపోని బహుపది ప్రతి p కీ, ప్రతి ఘాతానికీ దొరుకుతుందన్న నిరూపణ ఇక్కడ చెప్పేంత చిన్నది కాదు, కానీ దొరకడం ఖాయం.

దాన్ని గుర్తుపట్టడంలో మాత్రం ఒక మోసం ఉంది. ఘన బహుపది విడిపోతే అందులో ఒక ముక్క తప్పకుండా మొదటి ఘాతానిదే అవుతుంది. కాబట్టి t స్థానంలో 0, 1 పెట్టి చూసి, సున్నా రాకపోతే అది విడిపోదని చెప్పేయవచ్చు. t³+t+1లో 0 పెడితే 1, 1 పెడితే 1+1+1, అదీ 1. పరీక్ష పాసైంది. పదహారు సంఖ్యల క్షేత్రం కోసం t⁴+t²+1 తీసుకుంటే అదీ ఇదే పరీక్ష పాసవుతుంది. అయినా అది (t²+t+1)×(t²+t+1)గా విడిపోతుంది. దాన్ని నమ్మి పట్టిక వేస్తే 7×7 దగ్గర సున్నా వస్తుంది. నాలుగో ఘాతం నుంచి రెండో ఘాతపు ముక్కలను కూడా పరీక్షించాలి.

కంప్యూటర్ బైట్‌లో ఎనిమిది బిట్లుంటాయి కాబట్టి 256 సంఖ్యల క్షేత్రం చాలాచోట్ల పనికొస్తుంది. దుకాణాల్లో డబ్బు కట్టడానికి స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ కొంత చెరిగిపోయినా చదవగలగడం ఈ క్షేత్రంలోని భాగహారం వల్లే. అక్కడి నియమం t⁸ = t⁴+t³+t²+1. రహస్య సమాచారాన్ని భద్రపరిచే ఏఈఎస్ పద్ధతి కూడా 256 సంఖ్యల క్షేత్రాన్నే వాడుతుంది, కానీ దాని నియమం t⁸ = t⁴+t³+t+1. లోపలి క్షేత్రం ఒక్కటే అయినా పేర్లు వేరు. కాబట్టి ఒకదాని పట్టికను ఇంకోదానిలో వాడితే చాలా జవాబులు తప్పుతాయి. ఏ పట్టికో తెలుసుకోవడానికి 2×128 ఒక్కటి చూస్తే చాలు. 29 వస్తే క్యూఆర్ కోడ్‌ది, 27 వస్తే ఏఈఎస్‌ది. 0 వస్తే, రాసినవాళ్లు ఎవరో గడియారం పద్ధతినే వాడేశారని అర్థం.

అరవైనాలుగు మడులు

శేషం లేని భాగహారం ఎందుకు అంత అవసరమో పొలంలో చేసే ప్రయోగాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిది వరి రకాలను, ఎనిమిది ఎరువులను పోల్చాలి. నేల సారం నిలువునా మారుతుంది, అడ్డంగానూ మారుతుంది. అందుకని పొలాన్ని 8×8, అంటే 64 మడులుగా చేస్తారు. ప్రతి వరసలోనూ, ప్రతి నిలువులోనూ అన్ని రకాలూ ఒక్కోసారి రావాలి, అన్ని ఎరువులూ ఒక్కోసారి రావాలి. ఆపైన ప్రతి రకమూ ప్రతి ఎరువుతోనూ సరిగ్గా ఒక్క మడిలో కలవాలి.

మన క్షేత్రంతో ఇది రెండు చిన్న సూత్రాల పని. అడ్డువరసలకూ, నిలువు వరసలకూ 0 నుంచి 7 వరకు అంకెలు వేయండి. r అడ్డువరస, c నిలువు వరస కలిసే మడిలో r+c అనే రకం నాటండి, 2r+c అనే ఎరువు వేయండి. 2వ రకం, 7వ ఎరువు ఎక్కడ కలుస్తాయి? రెండు సూత్రాలను కూడితే c కొట్టుకుపోతుంది, 1+2 అంటే 3 కాబట్టి 3r మిగులుతుంది. అటు 2+7 = 5. కాబట్టి 3r = 5, అంటే r = 5÷3. 3కి విలోమం 6, 5×6 = 3. r = 3, కాబట్టి c = 2+3 = 1. మూడో వరసలో ఒకటో నిలువు, అదొక్కటే. 3తో భాగించగలిగాం కాబట్టే జవాబు ఉంది, అది ఒక్కటే ఉంది. గడియారం కూడికతో ఇదే సూత్రం వాడితే 2×4 = 0 కాబట్టి 0వ అడ్డువరసా 4వ అడ్డువరసా ఎరువుల్లో అచ్చంగా ఒకేలా వస్తాయి. ప్రతి నిలువులోనూ ఒకే ఎరువు రెండుసార్లు పడి ప్రయోగం చెడిపోతుంది.

r ముందు 1 నుంచి 7 వరకు ఏ సంఖ్యనైనా పెట్టవచ్చు కాబట్టి, ఒకదానితో ఒకటి ఇలా పొసగే అమరికలు ఏడు వస్తాయి. ఇంతకంటే ఎక్కువ రావడం ఏ పద్ధతిలోనూ సాధ్యం కాదు. గాల్వా క్షేత్రాలను ఈ అమరికలకు వాడే పద్ధతిని కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. సి. బోస్ 1938లో ప్రచురించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి అదే సంస్థలో చేరిన సి. ఆర్. రావు 1940ల్లో ఈ ఆలోచనను విస్తరించి ఆర్థోగొనల్ అరేలను రూపొందించాడు. ఎక్కువ అంశాలను తక్కువ ప్రయోగాలతో పరీక్షించడానికి కర్మాగారాలు ఈనాటికీ వాడే పట్టికలు అవే.

ఇక ఆరు. ఆరు రెజిమెంట్ల నుంచి, ఆరు హోదాల నుంచి ముప్పై ఆరుగురు అధికారులను ఇలాంటి చతురస్రంలో నిలబెట్టగలమా అని ఆయిలర్ 1782లో ప్రచురించిన వ్యాసంలో అడిగాడు. కుదరదనే అతని నమ్మకం. 1900-01లో గాస్టన్ టారీ అవకాశాలన్నీ ఓపికగా వడపోసి అది నిజమని చూపించాడు. పదికీ కుదరదని ఆయిలర్ అనుకున్నాడు. పది సంఖ్యల క్షేత్రం లేదు కాబట్టి మనకూ అలాగే అనిపిస్తుంది. కానీ 1959లో బోస్, శ్రీఖండే, పార్కర్ పదికి అలాంటి జంటను కట్టి చూపించారు. క్షేత్రం ఉంటే అమరిక దానంతట అదే వచ్చేస్తుంది. క్షేత్రం లేనంత మాత్రాన అమరిక లేదని చెప్పలేం, అప్పుడు దాన్ని వేరే దారుల్లో వెతుక్కోవాలి. ఎనిమిదికి ఒక్క సూత్రం నుంచే ఏడు అమరికలు రాలాయి. పదికి రెండు దొరికాయి, వాటితో పొసగే మూడోది ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.